200 + 100 = 44: చుట్టు తిరగనివ్వడం, అంచున ఆపడం, ఆపి చెప్పడం – ఏది మేలు?

గుర్తు లేని ఎనిమిది బిట్ల పూర్ణాంకంలో 200కు 100 కలిపితే 300 రాదు, 44 వస్తుంది. దీన్ని యంత్రం చేసిన పొరపాటుగా చూడటం అలవాటైపోయింది గానీ, లోపల జరిగింది నూటికి నూరుపాళ్లూ నియమబద్ధమైన లెక్కే. ఆ లెక్క ఏమిటో చూస్తేనే, దానికి ప్రత్యామ్నాయాలుగా చెప్పే పద్ధతులు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ చెడగొడతాయో తేల్చగలం.

```
  11001000    200
+ 01100100    100
-----------
 100101100    300
  00101100     44
```

కూడిక కుడి నుంచి ఎడమకు ఒక్కో బిట్టూ సాగి, చివరి స్థానం నుంచి ఒక క్యారీ బయటకు వస్తుంది. ఆ తొమ్మిదో స్థానం విలువ 256. దాన్ని ఉంచుకోవడానికి బైటులో చోటు లేదు కాబట్టి అది రాలిపోతుంది. అంటే జవాబులో నుంచి సరిగ్గా 256 తగ్గుతుంది, అంతకు మించి ఏమీ మారదు. 256తో భాగించినప్పుడు 300కీ 44కీ శేషం ఒకటే. ఏ రెండు బైట్లను కలిపినా నిజమైన మొత్తం 510 దాటదు కనుక, ఒక్క కూడికలో రాలిపోయేది ఒక్క 256 మాత్రమే.

ఈ శేషాల లెక్క వల్ల వచ్చే పెద్ద లాభం రుణ సంఖ్యలలో కనిపిస్తుంది. 200కీ -56కీ మధ్య తేడా 256 కాబట్టి రెండింటికీ బిట్ల రూపం ఒకటే, 11001000. పైన వేసిన కూడికనే గుర్తు ఉన్న సంఖ్యలుగా చదివితే -56కు 100 కలిపినట్టు, జవాబు 44, అది అక్షరాలా సరైనది. ఒకే సర్క్యూట్, అవే బిట్లు: ఒక చదువులో ఓవర్‌ఫ్లో, ఇంకో చదువులో ఏ లోపమూ లేదు. అందుకే చాలా ప్రాసెసర్లు క్యారీకి ఒక ఫ్లాగూ, గుర్తు ఉన్న ఓవర్‌ఫ్లోకు వేరే ఫ్లాగూ పెడతాయి. ఈ కూడికలో మొదటిది లేస్తుంది, రెండోది లేవదు.

ఇక పోలికకు వద్దాం. చుట్టు తిరిగే పద్ధతికి మొదటి పోటీ సాచురేషన్, అంటే జవాబు 255 దాటితే 255 దగ్గరే ఆపేయడం. ఫొటోలో ఒక పిక్సెల్ వెలుగు 250 ఉన్నప్పుడు దానికి 10 కలిపితే, చుట్టు తిరిగే లెక్కలో 4 వస్తుంది, తెల్లని చోట నల్లని మచ్చ పడుతుంది. నంపైలో `uint8` శ్రేణులను `+`తో కలిపితే జరిగేది ఇదే. ఓపెన్‌సీవీలోని `cv2.add` మాత్రం 255 దగ్గర ఆపుతుంది. వెలుగుకు తెలుపును మించిన మెట్టు లేదు కాబట్టి ఇక్కడ సాచురేషనే మేలు, ఇందులో తర్జనభర్జన అక్కరలేదు.

అయితే సాచురేషన్ ఎల్లప్పుడూ క్షేమకరమన్న అభిప్రాయంతో నేను ఏకీభవించను. 200కు 100 కలిపి, అందులో నుంచి 60 తీసేయాలనుకుందాం. నిజమైన జవాబు 240, అది బైటులో పట్టేదే. చుట్టు తిరిగే లెక్కలో మధ్యలో 44 వస్తుంది, దానిలో నుంచి 60 తీస్తే -16, శేషంగా 240, సరిగ్గా రావలసిందే. సాచురేషన్‌లో మధ్యలో 255 దగ్గర ఆగి, 60 తీయగానే 195 మిగులుతుంది. అదే ముందు 60 తీసి తర్వాత 100 కలిపితే 240 వస్తుంది. లెక్క చేసే వరుసను బట్టి జవాబు మారిందన్నమాట. అంచున ఆపినప్పుడు ఎంత కోసేశామన్నది ఎక్కడా మిగలదు. శేషాల లెక్కలో, కూడికలూ తీసివేతలూ గుణకారాలూ ఎన్ని చేసినా, చివరి జవాబు పరిధిలో ఉంటే చాలు, మధ్యలో ఎన్నిసార్లు పొంగినా దోషం లేదు.

గడిచిన సమయాన్ని కొలిచే టైమర్లకు ఈ గుణమే ఆధారం. మన అరవై సంవత్సరాల చక్రంలో అక్షయలో పుట్టిన పిల్లవాడికి తర్వాత వచ్చే విభవలో రెండేళ్లని ఎవరైనా చెబుతారు, అరవయ్యో పేరు నుంచి రెండో పేరును తీసేసి యాభై ఎనిమిది అనరు. ఎనిమిది బిట్ల టిక్కుల లెక్క 250 దగ్గర మొదలై ఇప్పుడు 5 చూపిస్తుంటే, గడిచినవి 11. మొత్తం వ్యవధి 256 టిక్కుల కంటే తక్కువైనంతవరకు ఈ తీసివేత సరైన జవాబే ఇస్తుంది. కానీ సీ భాషలో ఒక మెలిక ఉంది: `uint8_t` విలువలు తీసివేతకు ముందే `int`గా విస్తరిస్తాయి.

```c
uint8_t start = 250, now = 5;
now - start             // -245
(uint8_t)(now - start)  // 11
```

తీసివేత మానేసి గడువును ముందే కట్టడం ఇంకా ప్రమాదం. `start + 20`ను బైటులో దాచితే 14 అవుతుంది. `now` 251 కాగానే, ఒక్క టిక్కు గడిచిందో లేదో, `now >= 14` నిజమై గడువు తీరిపోయినట్టు కనిపిస్తుంది. శేషాల మధ్య కూడిక, తీసివేతలకు అర్థం ఉంది గానీ ఏది పెద్దదన్న ప్రశ్నకు అర్థం లేదు, ఎందుకంటే చక్రంలో ముందూ వెనకా ఉండవు.

మూడో పద్ధతి, పొంగితే ఆపి చెప్పడం. గుర్తు లేని కూడికలో దీన్ని కనిపెట్టడం చాలా తేలిక: జవాబు కలిపిన సంఖ్యల్లో ఒకదాని కంటే చిన్నదైతే (44 < 200) చుట్టు తిరిగినట్టే. రస్ట్ భాషలో `200u8.checked_add(100)` అని రాస్తే `None` వస్తుంది. మామూలు `+` అయితే డీబగ్ బిల్డులో ప్రోగ్రామ్ ఆగిపోతుంది, మామూలు రిలీజ్ బిల్డులో మాత్రం చడీచప్పుడూ లేకుండా చుట్టు తిరుగుతుంది. సరుకుల లెక్కకూ, మెమరీ పరిమాణానికీ నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ 44 అన్నా 255 అన్నా రెండూ అబద్ధాలే. కానీ ఆపిన తర్వాత ఏం చేయాలో కూడా ముందే రాసి ఉండాలి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్‌లో ఒక విలువ 16 బిట్లలో పట్టలేదని యంత్రం కనిపెట్టింది; అది కూడిక కాదు, రూపం మార్పు. కనిపెట్టినా, దానికి స్పందనగా దిశను చెప్పే కంప్యూటర్ పనే ఆపేసింది, రాకెట్ పేలిపోయింది.

సగటు లాంటి చోట ఈ మూడూ పనికిరావు. 200, 100ల సగటు 150. చుట్టు తిరిగితే 44లో సగం 22, అంచున ఆపితే 255లో సగం 127. భాగహారం శేషాలతో పొసగదు, కోసేసిన మొత్తంతోనూ పొసగదు. ఇక్కడ తేలికైన దారి, మొత్తాన్ని వెడల్పైన పాత్రలో పట్టడం. 16 బిట్లు ఎంతవరకు ఆగుతాయో కచ్చితంగా లెక్కగట్టవచ్చు: 255ను 257 సార్లు కలిపితే సరిగ్గా 65535, అంటే ఆ పాత్ర అంచు. 640 పిక్సెళ్ల వరుసకు సగటు తీయాలంటే అది చాలదు, 32 బిట్లు తీసుకోవాలి.