ఉచిత మైగ్రేషన్ సేవ, రెండేళ్ల తర్వాత: సైటుకు మంచి మార్కులే, మెయిలు దగ్గరే పేచీ

ఈ హోస్టింగ్ కంపెనీకి మారి రెండేళ్లు దాటింది. వేగం, ధర, డిస్కు స్థలం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ఒక్కదాని గురించే: కొత్తగా చేరేవారి పాత సైటును తామే ఉచితంగా తెచ్చి పెడతామని వాళ్లు చెప్పుకునే మైగ్రేషన్ సేవ. చేరిన కొత్తలో దాన్ని అడిగినవాళ్ల దగ్గరా అడగనివాళ్ల దగ్గరా పొగిడాను. ఆ పొగడ్తలో సగం ఇప్పటికీ నిలుస్తుంది. మిగతా సగం తలచుకుంటే ఇంకా ఒళ్లు మండుతుంది.

మాది చిన్న ప్రచురణ సంస్థ. వర్డ్‌ప్రెస్ సైటు, పుస్తకాల పేజీలు, పీడీఎఫ్ కేటలాగులు, సొంత డొమైన్ మీద కొన్ని మెయిలు ఖాతాలు. ఆ డొమైన్ ఇక్కడ example.com అనుకోండి. హోస్టింగ్ ఖాతాను బ్రౌజర్ నుంచే నడుపుకునే సీప్యానెల్‌నే పాత కంపెనీలోనూ వాడాం, ఇక్కడా అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనికి తర్వాత పని పడుతుంది.

ముందు మంచి చెప్పాలి. ఫైళ్లు, పేజీల విషయంలో వాళ్ల పని శుభ్రంగా ఉంది. ఖాతా మొత్తాన్ని ఒకే బ్యాకప్‌గా తీసి ఇక్కడ పరిచారు కాబట్టి `.htaccess` లాంటి చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కూడా వచ్చేశాయి. ఎఫ్‌టీపీలో చేత్తో కాపీ చేసుకునేవారికి ఎక్కువగా జారిపోయేవి ఇవే. అప్పుడు మొదటి పేజీ చక్కగా తెరుచుకుంటుంది, లోపలి పేజీలన్నీ 404 అంటాయి. మాకు ఆ బాధ లేదు. కొత్త సర్వరులో మా యూజర్ పేరు మారింది, దానితో పాటు ఫోల్డరు దారి కూడా మారింది. మా భద్రతా ప్లగిన్ పాత దారిని `.user.ini` ఫైలులో రాసి పెట్టుకుని ఉంది. అలాగే వదిలేస్తే లేని ఫైలు కోసం వెతికి సైటు మొత్తం ఆగిపోయేది. నేను చూసేలోపే వాళ్లే దాన్ని సరిచేసి, ఏ వరుస మార్చారో టికెట్‌లో రాశారు. ఆ రోజు నిజంగా ముచ్చటేసింది.

డొమైన్ పేరు ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్‌ను మార్చకముందే కొత్త కాపీని చూసుకోమన్నారు, దారి కూడా చెప్పారు. మన కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో ఇలాంటి ఒక వరుస చేర్చాలి, అక్కడ ఉండాల్సింది కొత్త సర్వరు ఐపీ:

```
203.0.113.10 example.com www.example.com
```

అప్పుడు లోకమంతటికీ పాత సైటు కనిపిస్తుంది, మీ ఒక్క కంప్యూటర్‌కు మాత్రం కొత్తది. కొత్త సర్వరులో సర్టిఫికెట్ ఇంకా రాకపోవచ్చు కాబట్టి బ్రౌజర్ హెచ్చరిస్తే కంగారు పడనక్కర్లేదు. పాత సైట్‌మ్యాప్‌ను పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ, ఒక్కో పీడీఎఫ్ తెరిచి చూశాను. ఏదీ పోలేదు. పని అయ్యాక ఆ వరుస తీసేయాలి. లేకపోతే డీఎన్ఎస్ మారిందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు.

తర్వాత డీఎన్ఎస్ కొత్త కంపెనీ వైపు తిరిగేలా నేమ్‌సర్వర్లు మార్చాం. .com డొమైన్ల నేమ్‌సర్వరు సమాచారాన్ని ఇతర సర్వర్లు 172800 సెకన్లు, అంటే రెండు రోజులు, దాచిపెట్టుకోవచ్చు. ఆ గడువు మన చేతిలో ఉండదు. అందుకే కంపెనీవారు "రెండు రోజులు ఆగండి, తర్వాత పాత ఖాతా రద్దు చేసుకోవచ్చు" అన్నారు. అంతటితో మైగ్రేషన్ పూర్తయిందని టికెట్ మూసేశారు. పాత ఖాతాకు ఇంకా గడువు ఉంది కాబట్టి నేను రద్దు చేయలేదు.

కొత్త సర్వరుకు మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. పాత ఉత్తరాలన్నీ ఫోల్డర్లతో సహా వచ్చాయి. పాస్‌వర్డులు కూడా పాతవే పనిచేశాయి. అలా కొంతకాలం గడిచాక మా పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు యజమాని ఫోన్ చేశారు. "ప్రూఫులు పంపి చాలా రోజులైందండీ, సరిచూసి పంపుతారని మిషన్ ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాం" అన్నారు. మాకు ఏ ప్రూఫులూ రాలేదు. స్పామ్‌లో కూడా లేవు. మళ్లీ పంపమన్నాను, మళ్లీ పంపారు, మళ్లీ రాలేదు. మిగతా లోకం నుంచి మాత్రం అన్నీ వస్తున్నాయి.

అన్నిటికన్నా చికాకు పెట్టింది ఏమిటంటే, ఆయనకు మెయిలు తిరిగి రాలేదు. చిరునామా తప్పయితే తిరిగి వస్తుంది. సర్వరు అందకపోతే పంపినవైపు సర్వరు కొన్ని రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాత చేతకాలేదని చెబుతుంది. ఇక్కడ రెండూ జరగలేదు. మా సీప్యానెల్‌లో `Track Delivery` తెరిచి ఆయన చిరునామాతో వెతికాను. ఒక్క వరుస కూడా లేదు. అంటే ఆ ఉత్తరాలు మా గుమ్మం దాకా రానేలేదు. ఆయన వైపు కూడా సీప్యానెలే ఉంది కాబట్టి అదే పేజీ తెరవమన్నాను. అక్కడ మా చిరునామాకు విజయవంతంగా చేరినట్టు ఆకుపచ్చ గుర్తు కనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది: ఆయన సైటు ఉన్నది మా పాత కంపెనీలోనే. ఇద్దరం ఒకే సర్వరులో ఉండేవాళ్లం.

సంగతి ఇది. సీప్యానెల్ సర్వరులోని మెయిలు ప్రోగ్రాము ఒక ఉత్తరం చేతికి అందగానే ముందు డీఎన్ఎస్‌ను అడగదు. ఈ డొమైన్ నా దగ్గరే ఉందా అని తన సొంత జాబితాలో చూసుకుంటుంది. ఆ జాబితా `/etc/localdomains` అనే ఫైలు. అందులో పేరు ఉంటే బయటికి పంపే ప్రసక్తే లేదు, అక్కడి పెట్టెలోనే వేసేస్తుంది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఉత్తరం ఇవ్వడానికి ఎవరూ పోస్టాఫీసుకు వెళ్లరు కదా. మేం నేమ్‌సర్వర్లు మార్చినా పాత సర్వరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దాని లెక్కలో మేం ఇంకా దాని దగ్గరే ఉన్నాం.

పాత సర్వరు వెబ్‌మెయిల్‌లోకి, డొమైన్ పేరుతో కాకుండా సర్వరు సొంత పేరుతో వెళ్లి చూశాను. ప్రూఫులన్నీ అక్కడ వరుసగా పడి ఉన్నాయి. అదే సర్వరులో ఉన్న ఒక పుస్తక దుకాణం ఆర్డర్లు కూడా కనిపించాయి. ఆ దుకాణంవారు మా మీద ఎంత విసుక్కున్నారో తర్వాత తెలిసింది.

సర్దుబాటు పెద్ద పనేమీ కాదు. పాత సీప్యానెల్‌లో `Email Routing` పేజీకి వెళ్లి `Remote Mail Exchanger` ఎంచుకుని సేవ్ చేయాలి. ఆ క్షణం నుంచి పాత సర్వరు కూడా డీఎన్ఎస్‌ను అడిగి ఉత్తరాలను సరైన చోటికి పంపుతుంది. ఇరుక్కుపోయిన వాటిని తేవడానికి, ఒక మెయిలు పెట్టెలోంచి మరోదానికి ఉత్తరాలు కాపీ చేసే imapsync వాడాను:

```
imapsync --host1 old.example.net --user1 info@example.com \
  --passfile1 old.txt --ssl1 \
  --host2 new.example.net --user2 info@example.com \
  --passfile2 new.txt --ssl2 --dry
```

చివరి `--dry` ఉన్నంతవరకు ఏదీ కదలదు, ఏం చేయబోతుందో మాత్రం చూపిస్తుంది. నమ్మకం కుదిరాక దాన్ని తీసేసి మళ్లీ నడపాలి. ఉత్తరాల హెడర్లను పోల్చి చూసుకుంటుంది కాబట్టి ఎన్నిసార్లు నడిపినా ఒకే ఉత్తరం రెండుసార్లు పడదు. రెండు వైపులా సర్వర్ల అసలు పేర్లే ఇవ్వాలి. mail.example.com అని ఇస్తే డీఎన్ఎస్ మారాక రెండూ కొత్త సర్వరునే చూపిస్తాయి, దాన్ని దానితోనే పోల్చుకుని అంతా సవ్యంగా ఉందంటుంది.

నా కోపం దేని మీద అంటే, కొత్త కంపెనీ మద్దతు విభాగానికి రాస్తే నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఇది మామూలేనండి, పాత వైపు రూటింగ్ మార్చుకోండి." మామూలే అని తెలిసినవారు మైగ్రేషన్ ముగిసిందని పంపిన మెయిలులో ఒక్క ముక్క రాయలేదేం? పాత సర్వరు తమ చేతిలో లేదన్నారు. పాత సీప్యానెల్ పాస్‌వర్డు అడిగి తీసుకుని, ఖాతా మొత్తం ఎత్తుకొచ్చింది ఎవరు మరి! వాళ్లు చెప్పినట్టు రెండు రోజులకే పాత ఖాతా రద్దు చేసి ఉంటే, ఆ తర్వాతి ఉత్తరాలు సరిగ్గానే వచ్చేవి. అప్పటికే అక్కడ పడ్డవి మాత్రం ఖాతాతో పాటే పోయేవి, పోయిన సంగతి కూడా మాకు తెలిసేది కాదు.

ఇలా ఉందో లేదో ఎవరైనా సులువుగా తేల్చుకోవచ్చు. మారిన తర్వాత పాత సర్వరు వెబ్‌మెయిల్‌లోకి వెళ్లి మీ చిరునామాకు మీరే ఒక మెయిలు పంపుకోండి. అది కొత్త పెట్టెలో కనిపిస్తే సరే. పాతదాంట్లోనే పడితే రూటింగ్ మార్చాలి.

నిరుడు ఇదే జబ్బు తిరగబడి వచ్చింది. మెయిలు ఒక్కదాన్ని వేరే సంస్థకు మార్చాం. డీఎన్ఎస్ కూడా అప్పటికి వేరే చోటే ఉంది. బయటి ఉత్తరాలన్నీ కొత్త పెట్టెకు వస్తున్నాయి, మా సైటులోని సంప్రదింపు ఫారం నుంచి రావాల్సినవి మాత్రం ఆగిపోయాయి. ఈసారి పాత సర్వరు పాత్ర పోషించింది ఈ కంపెనీదే. డొమైన్ తన దగ్గరే ఉందనుకుని ఫారం మెయిళ్లను తనలోనే దాచుకుంటోంది. మళ్లీ అదే పేజీ, అదే ఎంపిక. ఈసారి ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని పడలేదు.

మొదట్లో పొగిడినప్పుడు చెప్పని మరో సంగతి కూడా ఉంది. మెయిళ్లు పాస్‌వర్డులతో సహా రావడం రెండు వైపులా సీప్యానెల్ ఉండటం వల్లే. నా మాట విని ఇక్కడ చేరిన మిత్రుడి పాత కంపెనీలో సీప్యానెల్ లేదు. అతనికి ఫైళ్లు, డేటాబేస్ మాత్రమే తెచ్చిపెట్టారు, మెయిలు నీ పని అన్నారు. అలాంటప్పుడు డీఎన్ఎస్ మార్చకముందే కొత్త సర్వరులో ప్రతి చిరునామానూ, ఫార్వర్డర్లతో సహా, సృష్టించి ఉంచుకోవాలి. సర్వరు అందకపోతే పంపినవారు మళ్లీ ప్రయత్నిస్తారు. సర్వరు అందుబాటులో ఉండి, అలాంటి చిరునామా లేదని `550` జవాబిస్తే మళ్లీ ప్రయత్నించరు, ఉత్తరం వెనక్కి పోతుంది. అతని ఖాతాదారులకు కొందరికి అలాగే వెనక్కి పోయాయి.

మరి వీళ్ల సేవ తీసుకోవచ్చా? మాలాంటి వాళ్లకైతే సరిపోతుంది. మా పేజీలు నెలల తరబడి మారవు కాబట్టి కాపీ తీసిన రోజుకూ డీఎన్ఎస్ మారిన రోజుకూ మధ్య పోయేది ఏమీ లేదు. సైటులోనే అమ్మకాలు జరుగుతుంటే ఆ మధ్యలో వచ్చిన ఆర్డర్లు పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. రెండోసారి కాపీ తీయడం వీళ్ల ఉచిత సేవలో లేదు. అలాంటివారు ముందే అడిగి తేల్చుకోవడం మంచిది. నేను మాత్రం మొన్న గడువు పొడిగించాను. మూడేళ్లకు కడితే తగ్గింపు ఇస్తామన్నారు, ఒక ఏడాదికే కట్టాను.