యాప్ మంచిదే, ఆ 'లేబుల్ క్రియేటెడ్'తోనే తంటా

మారతహళ్లిలో ఇంటి నుంచే పచ్చళ్లు, కారప్పొడులు అమ్ముతుంటాను. చాలాకాలంగా ఒకటే షిప్పింగ్ యాప్ వాడుతున్నా. రేట్లూ కొరియర్ల లిస్టూ అందరికీ తెలిసినవే. నా కడుపుమంటల్లా ఒక్కటే: డబ్బా మీద అతికించే అడ్రస్ లేబుల్ తీయగానే కస్టమర్‌కి 'మీ పార్సిల్ బయల్దేరింది' అని మెసేజ్ కొట్టేస్తుంది. డబ్బా అప్పటికి మా సోఫా పక్కనే ఉంటుంది.

మొన్నామధ్య గుంటూరు ఆర్డర్‌కి శనివారం సాయంత్రం లేబుల్ తీశాను. ఆ రోజు పికప్ అయిపోయింది, ఆదివారం మా ఏరియాకి ఎవరూ రారు. సోమవారం పొద్దున్నే ఆ ఆర్డర్ పెట్టిన ఆంటీ ఫోను.

"ఏమ్మా, ఇంకా లేబుల్ క్రియేటెడ్ దగ్గరే ఉంది. కొరియర్ వాళ్ల సైట్‌లో కొడితే అసలా నంబరే లేదంటోంది."

"ఇంకా పికప్ కాలేదండీ."

"మరి బయల్దేరిందని మెసేజ్ ఎందుకొచ్చినట్టు?"

న్యాయమైన ప్రశ్నే. చాలా కొరియర్లు ట్రాకింగ్ నంబర్లని ఇలాంటి యాప్‌లకి ముందే గంపగుత్తగా ఇచ్చేసి ఉంచుతాయి. లేబుల్ తీస్తే అందులోంచి ఒకటి మన అడ్రసుకి అతుక్కుంటుంది, అంతే. ఆ వివరం కొరియర్ సిస్టమ్‌లోకి వెళ్లేదాకా వాళ్ల సైట్‌లో ఏమీ కనపడదు. వెళ్లాక కూడా, ఎవరో ఒకరు బార్‌కోడ్ స్కాన్ చేస్తే తప్ప రెండో లైను పడదు.

ఆ స్కాన్ పికప్ కుర్రాడే చేయాలి. అనంతపురం అబ్బాయి, మంచివాడే. ఆ మధ్యాహ్నం హడావుడిలో ఇచ్చిన డబ్బాల లిస్టు, అదే మానిఫెస్ట్ కాగితం మీద సంతకం గీకి, డబ్బాలన్నీ సంచిలో వేసుకుని, "హబ్‌లో స్కాన్ అవుతాయిలే అక్కా" అంటూ వెళ్లిపోయాడు. అయింది, కానీ రాత్రి పార్సిళ్లన్నీ చేరే వాళ్ల హబ్‌లో సంచి విప్పాకే. మంగళవారం ఉదయానికి పికప్ లైను లేకుండానే నేరుగా హబ్ లైను, పక్కన తూచిన బరువు కనిపించాయి. బరువు పడిందంటే డబ్బా వాళ్ల చేతికి చేరినట్టే. పికప్ మర్నాటికీ హబ్ లైను రాకపోతే మాత్రం ఊరుకోకూడదు. స్కాన్ లేని డబ్బాని 'మాకు ఇవ్వలేదు' అనేస్తారు. అప్పుడు మన దగ్గరుండే రుజువు ఆ సంతకం కాగితమే. అందుకే ఇప్పుడు నా ఎదురుగానే స్కాన్ చేయిస్తున్నా.

తర్వాత సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఓ మీట దొరికింది. మెసేజ్ లేబుల్‌తో కాకుండా పికప్ స్కాన్‌తో వెళ్లేలా మార్చుకోవచ్చు! ఫోన్లు బాగా తగ్గాయి. కాకపోతే మార్కెట్‌ప్లేస్ ఆర్డర్లకి ఇది పనిచేయదు, వాళ్ల మెసేజ్ వాళ్లదే.

నిమిషంలో లేబుల్ వస్తుందని ఇదివరకు తెగ మెచ్చుకున్నాను. ఇప్పటికీ వస్తుంది, కానీ ఆ రోజు పికప్ ఖాయమయ్యాకే తీస్తున్నా. నావి చిన్న ఆర్డర్లు, ఇంటికొచ్చే పికప్, కాబట్టి నా నుంచి యాప్‌కి మూడున్నర స్టార్లు. గోడౌన్ ఉండి రోజూ వేళకి బండి వచ్చేవాళ్లకి ఈ గొడవే తెలియకపోవచ్చు.