12.9 అలెన్ బోల్టు: నల్లదా, జింక్ ప్లేటింగ్‌దా? తొమ్మిదేళ్లు వాడాక నా మాట

బెంగళూరు పీణ్యలో మాది చిన్న షెడ్డు. హైడ్రాలిక్ ప్రెస్సులు, వెల్డింగ్ ఫిక్స్చర్ల పని చేస్తాం. 12.9 గ్రేడ్ అలెన్ బోల్టులు లేని రోజు మాకు ఉండదు. నల్లవి, జింక్ ప్లేటింగ్ చేయించినవి, జింక్ ఫ్లేక్ పూత ఉన్నవి, మూడు రకాలూ ఈ తొమ్మిదేళ్లలో వాడాను. మార్కులు వేయమంటే ఐదుకు నల్లదానికి నాలుగున్నర, జింక్ ఫ్లేక్‌కు నాలుగు, ప్లేటింగ్ చేసినదానికి సున్నా. ఆ సున్నా కోపంతో వేసింది కాదు, కారణం ఉంది.

రెండో ఏడు ఒక ప్రెస్సు పై ప్లేటుకు ఇరవై నాలుగు ఎం16 బోల్టులు పడ్డాయి. కస్టమర్‌కు నల్ల బోల్టులు నచ్చలేదు. "తుప్పు పడతాయి, పసుపు రంగు ప్లేటింగ్ వేయించండి, చూడ్డానికీ బాగుంటుంది" అన్నాడు. మంచి కంపెనీ నల్ల బోల్టులే కొని, నాలుగు వీధుల అవతల ఉన్న ప్లేటింగ్ షాపులో ఇచ్చాం. శనివారం మధ్యాహ్నం టార్క్ రెంచితో 270 న్యూటన్ మీటర్లకు బిగించి, పెయింటు మార్కు పెట్టి ఇళ్లకు పోయాం. సోమవారం తాళం తీస్తే మూడు బోల్టు తలలు నేల మీద ఉన్నాయి. ఒకటైతే ఆరడుగుల దూరం ఎగిరి పడింది. ప్రెస్సు ఆన్ కూడా కాలేదు. "రాత్రి ఎవరన్నా వచ్చి సుత్తితో కొట్టారా అన్నా?" అన్నాడు మా ఫిట్టర్, మదనపల్లె కుర్రాడు. ఆదివారం రాత్రి లోపల టప్పుమని చప్పుడైందని, పిల్లి ఏదో పడేసిందనుకున్నానని వాచ్‌మన్ చెప్పాడు.

మొదట అందరం టార్క్ ఎక్కువైందనే అనుకున్నాం. కానీ ఎక్కువ బిగిస్తే బోల్టు బిగించేటప్పుడే తెగుతుంది, తెగే ముందు సాగుతుంది, తెగిన చోట నడుము సన్నబడుతుంది. వీటిలో సాగిన గుర్తే లేదు. తల కింద, కాడ మొదలయ్యే మూలలో సుద్దముక్క విరిచినట్టు అడ్డంగా తెగాయి. పదింతల భూతద్దం పెట్టి చూస్తే తెగిన ముఖం అంచు దగ్గర పటికబెల్లం పలుకుల్లా మిలమిల మెరుస్తోంది. పదే పదే లోడు పడి ఉక్కు అలిసిపోయే ఫెటీగ్ అయితే సముద్రపు ఒడ్డున అల గీతల్లాంటి చారలుండాలి, అవీ లేవు. పైగా కదలని మెషీన్‌కు ఫెటీగ్ ఎక్కడిది? మెరిసే పలుకులు, సాగకపోవడం, బిగించిన కొన్ని గంటల తర్వాత తెగడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే అది హైడ్రోజన్ పెళుసుదనమే అని ముందు అనుమానించాలి. మైక్రోస్కోపు రిపోర్టు తర్వాత వచ్చి అదే చెప్పింది. ఉక్కు రేణువుల మధ్య నుంచి, సరిహద్దుల వెంబడి చీలింది.

హైడ్రోజన్ ఎక్కడి నుంచి వచ్చిందంటే ప్లేటింగ్ షాపులోనే. అక్కడ బోల్టును ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచుతారు, దాన్నే పిక్లింగ్ అంటారు. యాసిడ్ పై పొరను తినడంతో ఆగదు, ఇనుమునూ తాకుతుంది, అక్కడ హైడ్రోజన్ పుడుతుంది. చాలావరకు బుడగలై పోతుంది గానీ, కొంత జంట కట్టకముందే ఒంటి పరమాణువుగా ఉక్కులోకి దూరుతుంది. తర్వాత జింక్ తొట్టిలో కరెంటు పెడతారు. ఆ కరెంటు మొత్తం జింక్‌నే అతికించదు, కొంత మళ్లీ హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. ఆపైన జింక్ పొర మూత పెట్టినట్టు కప్పేస్తుంది, లోపలికి పోయినది బయటికి రావడం కష్టమవుతుంది.

లోపల ఊరికే ఉన్నంతసేపు ఏమీ కాదు. బిగించాక కథ మొదలవుతుంది. ఉక్కు ఎక్కడ ఎక్కువ లాగబడి ఉందో హైడ్రోజన్ అక్కడికి నెమ్మదిగా చేరుతుంది. బోల్టులో అలాంటి చోట్లు రెండు: తల కింది మూల, మరలో పట్టు మొదలయ్యే మొదటి చుట్టు. సరిపడా పోగయ్యాక రేణువుల మధ్య పట్టు సడలి చీలిక మొదలవుతుంది. ఆ ప్రయాణానికి గంటలు పడుతుంది కాబట్టే శనివారం బిగించింది ఆదివారం రాత్రి తెగింది.

ఇదే యాసిడ్, ఇదే తొట్టి, 8.8 గ్రేడ్ బోల్టును ఏమీ చేయవు. దాని గట్టితనం రాక్‌వెల్ సి స్కేలులో 22 నుంచి 34 మధ్య. చీలిక కొన దగ్గర కాస్త సాగి సర్దుకుంటుంది. 12.9 గట్టితనం 39 నుంచి 44, సర్దుకునే గుణం తక్కువ. ప్లేటింగ్ ప్రమాణాలు 39 దగ్గర గీత గీసింది అందుకే.

"బేకింగ్ చేయలేదా?" అని ప్లేటింగ్ షాపు ఓనర్‌ని అడిగాను. హిందూపురం మనిషి, మర్యాదస్తుడే. "ఎందుకు చేయలేదు సార్, రండి చూపిస్తా" అని ఓవెన్ దగ్గరికి తీసుకెళ్లాడు. డయల్ 120 డిగ్రీల మీద ఉంది, గంటన్నర పెట్టారట, అదీ ఆ పసుపు రంగు తెచ్చే పాసివేషన్ అయిన మర్నాడు. ఓవెన్ ఉంది, బిల్లులో బేకింగ్ అని ఉంది, జరిగింది మాత్రం ఆరబెట్టడం. అసలు బేకింగ్ అంటే లోపలి హైడ్రోజన్‌ను వేడితో బయటికి తోలడం. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపే మొదలుపెట్టి, 190 నుంచి 220 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచాలి. ఇంత గట్టి ఉక్కుకు ఎనిమిది గంటలకు తగ్గితే నేను ఒప్పుకోను, ఇరవై నాలుగు గంటలు పెట్టేవాళ్లూ ఉన్నారు. పసుపు పాసివేషన్ ఆ వేడికి పాడవుతుంది కాబట్టి బేకింగ్ ముందు, పాసివేషన్ తర్వాత. అంటే సరుకును తొట్టి నుంచి తీసి, ఓవెన్‌లో పెట్టి, మళ్లీ లైనులోకి తేవాలి. చిన్న షాపుల్లో ఆ రెండో తిరుగుడు ఎవరికీ ఇష్టం ఉండదు. ఆయన్ను తప్పు పట్టి లాభం లేదు, ఆర్డరులో 12.9 అని రాయంది నేనే. ఆయన దృష్టిలో అవి కిలోల లెక్క బోల్టులు.

బేకింగ్ సరిగ్గా చేసినా అనుమానం పూర్తిగా పోదు, జింక్ పొర అడ్డం ఉంటుంది కదా. అందుకే సున్నా మార్కులు. మిగిలిన ఇరవై ఒక్క బోల్టులూ బాగానే కనిపించాయి, అయినా అన్నీ తీసి పారేశాం. వాటిని మళ్లీ ఓవెన్‌లో పెడదామని మావాళ్లు అన్నారు. లోపల సన్న చీలిక అప్పటికే మొదలై ఉంటే బేకింగ్ దాన్ని అతికించదు.

ఇంకో మాట. ప్లేటింగ్ జోలికే పోని షెడ్లలోనూ ఈ ముప్పు ఉంది. తుప్పు పట్టిన పాత అలెన్ బోల్టులను కుర్రాళ్లు బాత్రూం యాసిడ్‌లో నానబెట్టి తళతళలాడేలా తీస్తారు. మా దగ్గరా చేశారు. అది పిక్లింగే, కాకపోతే అడిగేవాడు లేని పిక్లింగ్. 12.9కి తుప్పు తీయాలంటే వైర్ బ్రష్షు, లేదా బ్లాస్టింగ్. గుంటలు పడితే చెత్తబుట్ట.

నల్ల బోల్టుకు అర మార్కు ఎందుకు తగ్గించానంటే, అది షెడ్డు లోపలే రాజు. నూనె తడి మీద ఏళ్ల తరబడి ఉంటుంది, ఒక్కటీ తెగలేదు. కానీ చెన్నైలో సముద్రం పక్కన ఆరుబయట ఒక లిఫ్టింగ్ ఫ్రేముకు వాడాం. పధ్నాలుగు నెలలకు ఒకటి తెగింది. ఈసారి తెగిన ముఖం వేరుగా ఉంది. మర మొదటి చుట్టు అడుగున తుప్పు గుంట, అక్కడి నుంచి గోరంత మేర నల్లగా మాసిన పాత చీలిక, మిగతాది కొత్తగా తెగిన తెల్లటి మెరుపు. ఇది స్ట్రెస్ కొరోషన్. లాగుడు ఉంది, గట్టి ఉక్కు ఉంది, ఉప్పు తడి ఉంది. ఇలాంటి ఉక్కులో ఇక్కడా పని కానిచ్చేది ఎక్కువగా హైడ్రోజనే. తుప్పు గుంటలో జరిగే రసాయన చర్యే దాన్ని పుట్టిస్తుంది. ఫ్యాక్టరీలో ఎక్కించుకొచ్చింది కాదు, సర్వీసులో కొద్దికొద్దిగా చేరింది. అందుకే గంటలు కాదు, నెలలు పట్టింది.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త భాగంలో మూడంగుళాల మందమున్న గాల్వనైజ్డ్ యాంకర్ రాడ్లను బిగించారు. కొద్ది రోజుల్లోనే 96లో 32 తెగిపోయాయి. అవి 2008లో తయారైనవి, బిగించేలోపు వాటి రంధ్రాల్లో నీళ్లు నిలిచాయి. వాటి జోలికి మళ్లీ పోకుండా ఉక్కు జీనులాంటి కట్టడం వేసి, ఆ రాడ్ల పనిని దానికి అప్పగించారు.

జింక్ ఫ్లేక్‌కు నాలుగే ఎందుకన్నదీ ఇక్కడే ఉంది. బోల్టును ఆ పూతలో ముంచి, గిరగిర తిప్పి, సుమారు 300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కరెంటు లేదు. ముందు శుభ్రం చేసేది యాసిడ్‌తో కాకుండా బ్లాస్టింగ్‌తో అయితే లోపలికి హైడ్రోజన్ దూరే దారే లేదు. ఐదేళ్లలో నా దగ్గర ఒక్క తల కూడా ఊడలేదు. కానీ పూతలో ఉన్నది జింకే. గీరుకుపోయిన చోట ఉక్కు బయటపడి తడిసిందంటే, జింక్ తాను కరుగుతూ ఉక్కును కాపాడుతుంది, అదే సమయంలో ఆ ఉక్కు ముఖం మీద హైడ్రోజన్ పుట్టిస్తుంది. కాబట్టి ప్లేటింగ్ భయం పోయింది గానీ, సముద్రపు గాలి భయం పూర్తిగా పోలేదు.

చెన్నై ఫ్రేముకు చివరికి మేం చేసింది పూత మార్చడం కాదు, గ్రేడు దించడం. ఎం16, 12.9 బోల్టు ప్రూఫ్ లోడు, అంటే శాశ్వతంగా సాగకుండా మోయగల బరువు, సుమారు 15.5 టన్నులు. ఎం20, 8.8 బోల్టుది 15 టన్నులు. రంధ్రాలు నాలుగు మిల్లీమీటర్లు పెద్దవి చేస్తే దాదాపు అదే బలం, గట్టితనం మాత్రం 34 లోపు. గాల్వనైజింగ్ నిశ్చింతగా చేయించుకోవచ్చు. డిజైనర్ మొదట్లో గునిశాడు, ఒక చోట తల పట్టక ప్లేటును కాస్త తొలవాల్సి వచ్చింది. అది పెట్టి నాలుగేళ్లవుతోంది.

స్థలం లేక 12.9 తప్పనిసరైన చోట పూత వేయించిన ప్రతి లాటు నుంచి ఐదు బోల్టులు తీసి, మందపాటి ఉక్కు దిమ్మెలో బిగించి 48 గంటలు వదిలేస్తాం. మా అసలు పనికి పెట్టే టార్క్ కంటే ఎక్కువే, దాదాపు సాగడం మొదలయ్యే దాకా బిగిస్తాం. ఇరవై నాలుగు గంటలకు ఒకసారి రెంచి పెట్టి మళ్లీ అదే టార్క్‌కు తెస్తాం. చివర్లో విప్పి తల కింది మూలను, మొదటి చుట్టును భూతద్దంతో చూస్తాం. ఐదూ నిలిస్తే లాటంతా బాగున్నట్టు కాదు, ఒక్కటి తెగితే మాత్రం లాటంతా వెనక్కే. తుప్పు వల్ల వచ్చే చీలికను ఈ పరీక్ష పట్టదు. దిమ్మె మీద ఇనుప మూకుడు బోర్లించడం మరచిపోవద్దు. తల ఊడితే ఎటు ఎగురుతుందో తెలియదు.

నిన్న సాయంత్రం నాలుగింటికి జింక్ ఫ్లేక్ లాటు నుంచి ఐదు పెట్టాం. ఇప్పటివరకు మూకుడు కింద చప్పుడు లేదు. రేపు నాలుగింటికి విప్పుతాం.