మొహం మా నాయనదే, కానీ మా నాయన మాదిరి లేదే: ఫొటోను బ్యానర్‌గా సాగదీసే పనిలో ఏడాదిన్నర

తిరుపతిలో మాది చిన్న ఫ్లెక్స్ డిజైన్ అంగడి. మా దగ్గరికి వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం గుంపు ఫొటోలోంచి మనిషిని కత్తిరించి వాట్సాప్‌లో పంపినవే. నిలువుగా, ఇరుకుగా ఉంటాయి. కావాల్సిందేమో పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు బ్యానర్. ఇదివరకు అదే ఫొటోను మసకబార్చి వెనకాల పరిచి, ముందు మనిషిని నిలబెట్టేవాళ్లం. ఏడాదిన్నరగా మాత్రం ఫొటో అంచుల బయట లేని భాగాన్ని కంప్యూటర్ చేతే గీయిస్తున్నాను. దీన్నే అవుట్‌పెయింటింగ్ అంటారు. నేను వాడేది ComfyUI అనే సాఫ్ట్‌వేర్, అందులో బొమ్మ గీసేది ఎస్‌డీఎక్స్‌ఎల్ ఇన్‌పెయింటింగ్ అనే ఏఐ మోడల్. రెండూ ఉచితమే, మామూలు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు.

వెనక గోడ, చెట్లు, ఆకాశం అయితే బాగా గీస్తుంది, అందులో అనుమానం లేదు. మొహం, బట్టలు మాత్రం దాని చేతిలో పెట్టకూడదు. ఈ సంగతి నాకు ఒక షష్టిపూర్తి బ్యానర్‌తో తెలిసొచ్చింది.

కొడుకు వచ్చి ఫొటో ఇచ్చాడు. పెద్దాయన ముందురోజే కొండకు పోయి గుండు చేయించుకున్నారు. నెత్తిన గంధం, నుదుట నామం, భుజాన ఎర్ర అంచు జరీ కండువా. ఫొటోలో నెత్తి పైభాగం కాస్త తెగిపోయింది, రెండు వైపులా భుజాలు సగానికే ఉన్నాయి. ఒకేసారి పూర్తి వెడల్పుకు సాగదీసి, బాగానే వచ్చిందనుకుని చూపించాను. అతను కాసేపు చూసి, "అన్నా, మొహం మా నాయనదే, కానీ మా నాయన మాదిరి లేదే" అన్నాడు. దగ్గరికి పోయి చూస్తే అతను చెప్పింది నిజమే. కళ్ల కింద ముడతలు నునుపు దేలాయి, చెంప మీది పుట్టుమచ్చ మసకబారింది. నేను మొహాన్ని ముట్టుకోనేలేదు, ఇక్కడ గీయమని చూపే మాస్కు కూడా దాని మీద వేయలేదు. మరి ఎలా మారింది?

ఈ రకం మోడల్ ఫొటోను ఉన్నదున్నట్టు చూడదు. ముందు వీఏఈ అనే భాగం బొమ్మను అడ్డానికి ఎనిమిదో వంతు, నిలువుకు ఎనిమిదో వంతు కొలతకు కుదించిన రూపంలోకి మారుస్తుంది. గీయడం అయ్యాక మళ్లీ విప్పుతుంది. మాస్కు వేయని చోటు కూడా ఈ కుదింపు, విప్పుడు గుండా పోవాల్సిందే. పెద్ద గోడ మీద ఈ తేడా కనిపించదు. కనురెప్పలు, జరీ పోగులు, నామం గీతల్లాంటి సన్నని వాటికి మాత్రం దెబ్బ తగులుతుంది. కాబట్టి బయటికొచ్చిన బొమ్మలోని మొహం అసలు మొహం కాదు, దాని నకలు. విరుగుడు ఒక్కటే: చివర్లో అసలు ఫొటోను మళ్లీ అదే చోట పైన అతికించాలి. ఇప్పుడు నేను ఇది చేయకుండా ఏ బ్యానరూ బయటికి పంపను.

అతికించింది సరిగ్గా కూర్చుందో లేదో కంటితో తేల్చుకోను. ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో పూర్తయిన బొమ్మ మీద అసలు ఫొటోను ఇంకో పొరగా పెట్టి, ఆ పొర మోడ్‌ను Difference చేస్తాను. మొహం ఉన్న చోటు కటిక నలుపుగా కనిపిస్తే ఒక్క పిక్సెల్ కూడా మారలేదన్నమాట. కళ్లూ ముక్కూ గీతలుగా లేతగా వెలిగితే నకలే మిగిలి ఉందని, లేదా అతుకు ఒక పిక్సెల్ జరిగిందని అర్థం. మధ్యలో ఎక్కడా జేపీజీగా సేవ్ చేయకూడదు, పీఎన్‌జీనే వాడాలి. లేకపోతే ఆ కుదింపు మచ్చలే తేడాగా కనిపించి తికమక పెడతాయి.

అదే ఫొటోను రెండోసారి ఇలా చేశాను. అది 960 వెడల్పు, 1056 ఎత్తు. ముందు మనిషిని మాత్రమే పూర్తి చేయించాను. ComfyUIలో Pad Image for Outpainting అనే పెట్టెలో ఇచ్చిన అంకెలు ఇవి:

```
left 160
top 144
right 160
bottom 0
feathering 16
```

కింద సున్నా ఎందుకంటే మనిషి బ్యానర్ కింది అంచు మీదే ఆనుకుని ఉంటాడు, అక్కడ గీయాల్సింది ఏమీ లేదు. feathering గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. అది మొదట 40 గా ఉంటుంది. అంటే సాగదీసిన అంచు నుంచి అసలు ఫొటో లోపలికి 40 పిక్సెళ్ల దాకా కొత్త గీత పాకుతుంది. మొదటిసారి నేను దాన్ని మార్చలేదు, పెద్దాయన నామం పై కొన కాస్త పొడుగు సాగింది. తిరుపతిలో నామం కొన మారితే ఎవరూ చూడరనుకోవడం అమాయకత్వం.

మాటల్లో ఏమీ చెప్పకపోతే నెత్తి మీద నల్లటి జుట్టు మొలిపిస్తుంది. గుండు తలలు అది తక్కువ చూసిందేమో కానీ, మా ఊళ్లో రోజూ చూసేవే. అందుకే ఇలా రాశాను:

```
shaved head, sandalwood paste on scalp,
white cloth on shoulder, narrow red and gold border
```

వద్దన్న వాటిలో hair అని రాశాను. నాలుగు సార్లు గీయిస్తే మూడోది పనికొచ్చింది.

కండువా దగ్గర మాత్రం నా చేయి పడక తప్పలేదు. అసలు అంచులో ఎరుపుకు రెండు వైపులా ఒక్కో బంగారు గీత. కొత్త భాగంలో ఒకసారి మూడు గీతలు, ఒకసారి ఎరుపు మాయం. చూడగానే జరీలాగే ఉంటుంది కాబట్టి తప్పు త్వరగా దొరకదు. అంచు వెంబడి వేలు పెట్టి గీతలు లెక్కపెట్టాలి. చివరికి అసలు ఫొటోలోని అంచు ముక్కనే నకలు తీసి, మడతకు తగ్గట్టు వంచి కొత్త భాగం మీద వేశాను. తెల్ల గుడ్డ కూడా అతుకు దగ్గర కాస్త గులాబీ ఛాయ తేలింది. అలాంటప్పుడు కొత్త భాగం రంగునే అసలు ఫొటోకు దగ్గరగా సర్దాలి, అసలు ఫొటోను కదపకూడదు.

మనిషి పూర్తయ్యాక 1280కి 1200 బొమ్మ వచ్చింది. దానికి ఎడమన 1480, కుడిన 240 కలిపితే 3000కి 1200. ఎడమ ఖాళీ అక్షరాల కోసం. ఈ మోడల్ పది లక్షల పిక్సెళ్ల దరిదాపుల్లో బాగా గీస్తుంది. అంతకు మూడున్నర రెట్లు దాటిన ఈ కొలతలో ఒకేసారి గీయమంటే పక్కన ఇంకో మనిషిని కూడా పుట్టిస్తుంది, నాకు ఒకసారి కవల పెళ్లికొడుకు వచ్చాడు. అందుకే మొత్తాన్ని 1600కి 640కి తగ్గించి వెనక దృశ్యం గీయించి, మళ్లీ పెద్దది చేసి, దాని మీద మనిషి బొమ్మను, అన్నిటికంటే పైన అసలు ఫొటోను పెట్టాను. వెనక భాగం కాస్త మెత్తగా ఉంటే నష్టం లేదు, కెమెరాలోనూ అలాగే మసకగా పడుతుంది. మరీ నున్నగా ఉంటే సన్నటి గ్రెయిన్ చల్లుతాను.

వెనకాల కొండలు కావాలన్నారు. mountains అంటే మంచు శిఖరాలు వచ్చాయి. ఎర్రటి రాతి అంచు, పైన చదును, కింద ఎండిన పొదలు అని విడమరిచి రాస్తే శేషాచలం పోలిక కాస్త వచ్చింది. గోపురం మాత్రం గీయించను, అంతస్తులూ బొమ్మలూ కలగాపులగం చేస్తుంది. గోపురం కావాలంటే నేను తీసిన ఫొటోనే పెడతాను.

పది అడుగులకు 3000 పిక్సెళ్లంటే అంగుళానికి 25 మాత్రమే. రెండింతలు చేసి ప్రింటుకు పంపుతాను, అదీ మామూలు పద్ధతిలో. మొహానికి పదును పెట్టే తెలివైన అప్‌స్కేలర్లు మళ్లీ మొహాన్ని కొత్తగా గీస్తాయి, ఇంత కష్టమూ వృథా అవుతుంది.

మొత్తానికి ఒక బ్యానర్‌కు ముప్పావు గంట పడుతోంది. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమంటే పని తేలికవుతుంది, చాలామంది పంపరనుకోండి. ఒక రకం ఫొటోలు మాత్రం ఇప్పటికీ ఈ దారిలో తీసుకోను: దండం పెడుతున్న చేతుల్లో వేళ్లు అంచు దగ్గర తెగినవి, మెడలో హారం సగానికి తెగినవి. వేళ్లు ఆరు వస్తాయి, హారం ఇంకెవరిదో అవుతుంది. వాటికి మనిషిని గుండ్రంగా కత్తిరించి చుట్టూ రంగు ఫ్రేము వేసి ఇచ్చేస్తాను.