మూడేళ్లు SunCalc వాడాక: కాళహస్తి అనుకున్న ఫోటో

పాత ఫోటోలు ఎక్కడివో పట్టుకోవడానికి మూడేళ్లుగా SunCalc వాడుతున్నాను. మ్యాప్‌లో చోటు, తేదీ, టైమ్ ఇస్తే నీడ ఎటు పడుతుందో గీత గీసి చూపిస్తుంది. ఆ గీత అంటే నాకు ప్రాణం. నేనే పెట్టుకున్న ఓ తప్పుడు నమ్మకాన్ని విరగ్గొట్టింది అదే.

మా నాన్న పెళ్లయిన కొత్తలో తీయించుకున్న ఫోటో అది, వెనక 10-6-1986 అని రాసి ఉంది. గుడి గోపురం ముందు అమ్మానాన్నలు, మధ్యాహ్నపు పొట్టి నీడలు ఎడమవైపుకు. అది కాళహస్తి అని చూడగానే అనుకున్నాను. అక్కడి గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది కదా, దాని ముందు మావాళ్లు ఉంటే ఎంత బాగుంటుందో అనే ఆశ. ఇక అన్నీ దానికే సరిపెట్టాను. మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుంది, కాబట్టి ఎడమ ఉత్తరం, కెమెరా తూర్పుకు చూస్తోంది, గోపురం పడమటి ముఖం. కాళహస్తీశ్వరుడు పశ్చిమాభిముఖుడే! ఆ గోపురానికి ఏడంతస్తులు ఉండాలి, ఫోటోలో ఐదే ఉన్నాయి. పైభాగం ఫ్రేములో పడలేదేమో అని సర్దుకున్నాను, ఐదో అంతస్తు మీద కలశాలు కనిపిస్తున్నా.

చివరికి కాళహస్తి మీద పిన్ను పెట్టి ఆ తేదీ ఇస్తే నీడ దక్షిణానికి చూపించింది. టైమ్ ఎంత జరిపినా, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, ఉత్తరానికి రాదు. అక్కడ ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, జూన్‌లోనైతే రోజంతా ఉత్తరం వైపే. ప్రింటు తిరగేసి పడిందేమో అని కూడా చూశాను. అమ్మ పమిట ఎడమ భుజం మీదే ఉంది, తిరగేయలేదు. అంటే ఎడమ దక్షిణం, కెమెరా పడమరకు, గోపురం తూర్పు ముఖం.

ఫోటో చూపించి "ఇది కాళహస్తే కదా అత్తా?" అని అంతకుముందు అడిగితే పెద్దత్త అవునంది. ఈసారి ఊరి పేరెత్తకుండా "ఇదెక్కడ అత్తా?" అన్నాను. "మీ అమ్మమ్మగారి ఊరి శివాలయంరా, వెనక వేపచెట్టు కనపట్లా?" అంది. వెళ్లి చూశాను, ఐదంతస్తులు, తూర్పు ముఖం.

SunCalc ఉంటే చాలు, చోటు తెలిసిపోతుంది అని స్నేహితులకు చెప్పేవాణ్ణి. అది కొంచెం సవరించుకోవాలి. పిన్ను మనం పెట్టిన చోటికే జవాబు వస్తుంది, వంద కిలోమీటర్లు పక్కకు జరిపినా నీడ దాదాపు అదే. తప్పు ఊరిని కొట్టేయగలదు, సరైన ఊరిని ఎంచలేదు. అందుకే ఇప్పుడు పిన్ను పెట్టకముందే, ఏది కనిపిస్తే నా ఊహ వదిలేస్తానో కాగితం మీద రాసుకుంటున్నాను. నాకు ఫోటో వెనక తేదీ దొరికింది, అడగడానికి అత్త ఉంది. తేదీ లేని ఆల్బమ్ చేతిలో ఉన్నవాళ్లకు ఇది ఎంత పనికొస్తుందో చెప్పలేను.