తుడిచినా తిరిగొచ్చే నంబర్లు: ఆరేళ్ల వాడకం తరువాత గూగుల్ కాంటాక్ట్స్

ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ కాంటాక్ట్స్‌ను ఆరేళ్లుగా, మూడు ఫోన్లు మారుస్తూ వాడుతున్నాను. మా మామయ్యగారి పాత నంబరును నేను ఎన్నిసార్లు తీసేసినా అది మళ్లీ ప్రత్యక్షమయ్యేది, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో అపరిచితుడు పలికేవారు. దోషం యాప్‌దేనని చాలాకాలం అనుకున్నాను గానీ, అసలు కారణం నా అలవాటే.

తెరమీద ఒకే పేరుగా కనిపించేది నిజానికి ఒకే కాంటాక్ట్ కార్డు కానక్కరలేదు. గూగుల్ ఖాతాలో ఒకటి, సిమ్‌లో ఒకటి, ఫోన్ తయారీదారు ఖాతాలో ఒకటి చొప్పున విడివిడిగా ఉన్న ప్రతులను ఆండ్రాయిడ్ పేరు, నంబరు పోలికను బట్టి జతచేసి ఒక్కటిగా చూపిస్తుంది. పోలిక కుదరకపోతే అవే రెండు మూడు పేర్లుగా విడిపోతాయి. ఒక ఖాతా వరకే చూపే వడపోత పెట్టుకుని తుడిస్తే, ఆ ఖాతాలోని ప్రతి మాత్రమే పోతుంది.

నా విషయంలో మిగిలిపోయింది సిమ్ ప్రతి. సింక్ దాని జోలికి పోదు. గూగుల్ ఖాతాలో నంబరు తీసేసినా అది సిమ్‌లో క్షేమంగా ఉండేది, కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా నేను “సిమ్ నుంచి దిగుమతి” నొక్కగానే తాజా కార్డుగా మళ్లీ గూగుల్ ఖాతాకు ఎక్కేది. ఆ తరువాత ఒకే మనిషి కార్డులను కలపమని “Merge & fix” ఇచ్చిన సూచనను చదవకుండా ఒప్పుకోవడంతో, పాత నంబరు మామయ్యగారి కొత్త కార్డులోనే చేరి కూర్చుంది, ఎందుకంటే విలీనం రెండు కార్డుల్లోని నంబర్లనూ ఉంచుతుందే తప్ప ఏది చెల్లనిదో దానికి తెలియదు. ఒకే గూగుల్ ఖాతాలోని కార్డులు విలీనమైతే నిజంగానే ఒకటవుతాయి. వేర్వేరు ఖాతాల కార్డులకు జరిగేది లంకె మాత్రమే. ఒక ఖాతాను ఫోన్‌లోంచి తీసేస్తే దాని వాటా సమాచారం కూడా వెళ్లిపోతుంది. రెంటికీ దాదాపు ఒకే మాట వాడటం నాకు నచ్చని విషయం.

చివరకు సిమ్‌లోని నంబర్లన్నీ తుడిచి, కొత్త నంబర్లు గూగుల్ ఖాతాలోనే పడేలా పెట్టి, మామయ్యగారి కార్డులోంచి పాత నంబరును చేతితో తీసేశాను. ఏడాదిన్నరగా అది తిరిగి రాలేదు. సిమ్‌ను ఖాళీ చేసే ముందు ప్రతి పేరూ గూగుల్ ఖాతాలో ఉందో లేదో కంప్యూటర్‌లో contacts.google.com తెరిచి సరిచూసుకున్నాను, ఎందుకంటే గూగుల్ ఖాతాలో తుడిచినవి చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి గానీ సిమ్‌లోంచి తుడిచినవాటికి ఆ అవకాశం లేదు. మొత్తం జాబితాను వెనక్కి తిప్పే సదుపాయం కూడా 30 రోజుల వరకే పనిచేస్తుంది. ఒకసారి దాన్ని వాడితే మధ్యలో చేర్చుకున్న నాలుగు కొత్త నంబర్లు కూడా మాయమయ్యాయి, వాటిని కాల్ జాబితాలోంచి వెతికి మళ్లీ రాసుకోవలసి వచ్చింది.