జాగ్రత్త: పేమెంట్ స్క్రీన్‌షాట్‌లో పేరు చూశారా?

రాజమండ్రిలో మేం సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్లో శనివారం సాయంత్రం జరిగింది ఇది. కొట్టువాళ్లకే కాదు, కొనేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

నా ముందున్న అతను పాతిక కిలోల బియ్యం బస్తా, అయిదు నూనె ప్యాకెట్లు, మూడు కిలోల కందిపప్పు తీసుకున్నాడు. మొత్తం 2,640 రూపాయలు. కౌంటర్ మీదున్న క్యూఆర్ స్కాన్ చేశాడు, ఫోన్‌లో టింగుమని శబ్దం కూడా వచ్చింది, ఆకుపచ్చ టిక్కు చూపించాడు. స్పీకర్ బాక్స్ మాత్రం మోగలేదు. "నెట్ వీక్‌గా ఉన్నట్టుందన్నా, కాసేపాగి మోగుద్దిలే, కావాలంటే స్క్రీన్‌షాట్ పంపిస్తా" అని వాట్సాప్‌లో పంపేశాడు కూడా. వెనకాల ఆరేడుగురం నిలబడి ఉన్నాం, ఓనర్ అప్పటికే బస్తా బండి మీద పెట్టించడానికి కుర్రాడిని పిలుస్తున్నాడు.

పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న ఓనర్ వాళ్ల అమ్మాయి, ఆరో క్లాసు అనుకుంటా, నాన్న ఫోన్‌లోకి తొంగి చూసి "నాన్నా, ఇందులో అమ్మ పేరు రాలేదేంటి?" అంది.

విషయమేంటంటే ఆ కొట్టు ఖాతా వాళ్ల అమ్మ పేరు మీద ఉంది. స్కాన్ చేసిన ప్రతివాళ్లూ "ఎవరో ఆడవాళ్ల పేరు వస్తోంది, మీదేనా?" అని అడుగుతారు, నేనూ మొదట్లో అడిగాను. రోజంతా ఆ ప్రశ్నకి "అవునండీ, మా అమ్మదే" అని జవాబు చెప్పేది ఈ పిల్లే. ఇతని స్క్రీన్‌షాట్‌లో మాత్రం స్టిక్కర్ మీదున్న కొట్టు పేరే ఉంది.

"యాప్‌ని బట్టి పేరు మారుద్దమ్మా" అన్నాడు. "అందరి యాప్‌లోనూ అమ్మ పేరే వస్తుంది" అంది. అప్పుడు ఓనర్‌కి అనుమానం వచ్చి, గొడవ పడకుండా "సరే బాబూ, ఇంకొక్క రూపాయి కొట్టు, పేరేం వస్తుందో చూద్దాం" అన్నాడు. దాంతో అతను ఏటీఎంకి వెళ్లి క్యాష్ తెస్తానని బండెక్కి పోయాడు, ఇంక రాలేదు. ఓనర్ ఫోన్‌లో లావాదేవీల జాబితా చూస్తే అసలు 2,640 పడనే లేదు.

పేరు ఎందుకు తేడా వచ్చిందో అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. క్యూఆర్ లోపల యూపీఐ ఐడీతో పాటు, దాన్ని తయారుచేసినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. అసలు యాప్ ఆ ఐడీ ఎవరిదో బ్యాంకు వైపు నుంచి కనుక్కుని ఖాతాదారు పేరు చూపిస్తుంది. నకిలీ యాప్ బ్యాంకు జోలికే వెళ్లదు, క్యూఆర్‌లో ఉన్న పేరునో, చేత్తో టైప్ చేసిన పేరునో తెరమీద వేసి టిక్కు పెట్టేస్తుంది, అంతే. అయితే అదే మోసగాడు ముందొకసారి పది రూపాయలు నిజంగా కట్టి పేరు తెలుసుకుంటే ఈ తేడా కూడా కనపడదు. కాబట్టి పేరు తప్పుంటే అనుమానించాలి గానీ, పేరు సరిపోయింది కదా అని డబ్బు వచ్చేసినట్టు కాదు. కొట్టువాళ్ల యాప్‌లోనో, బ్యాంకు ఖాతాలోనో పడితేనే పడినట్టు.

ఇక మన సంగతి. ఇదే పేరు కొనేవాళ్లని కాపాడే సందర్భం ఇంకోటుంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి కొన్ని కొట్ల క్యూఆర్‌ల మీద వేరే స్టిక్కర్లు అంటించేశారు, ఒక మందుల షాపులో స్కాన్ చేసినవాళ్లు పేరు మారిందని చెబితేగానీ ఆ షాపు ఓనరమ్మకి తెలియలేదు. పిన్ కొట్టేముందు వచ్చే పేరు చదివి, "ఈ పేరు మీదేనా?" అని పైకి అడగండి. ఒక్క క్షణం పని. పిన్ కొట్టాక మాత్రం ఆ డబ్బు వెనక్కి రప్పించడం పెద్ద తలనొప్పి.

ఆ రోజు నుంచి ఆ కొట్లో స్క్రీన్‌షాట్ చూపిస్తే ఒప్పుకోవట్లేదు, తప్పులేదు కూడా. కానీ నిజంగా కట్టినవాళ్లం ఇరుక్కుంటున్నాం. నాకూ మొన్న డబ్బు కట్ అయింది, బాక్స్ మోగలేదు, నలుగురిలో అనుమానంగా చూశారు, చిరాకేసింది. అలాంటప్పుడు వాదించకుండా లావాదేవీ వివరాలు తెరిచి 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబర్ చెప్పండి, వాళ్ల జాబితాలో అదే నంబర్ కనపడితే గొడవే లేదు. "పెండింగ్" అని ఉంటే వెంటనే రెండోసారి కొట్టకండి, కాసేపు ఆగి చూడండి, తొందరుంటే క్యాష్ ఇచ్చి నంబర్ రాయించి పెట్టుకోండి. మన ఖాతాలో కట్ అయి కొట్టుకి చేరకపోతే, రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధనల ప్రకారం వ్యాపారులకు చేసిన చెల్లింపయితే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. మోసపోయామని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి.